మొదటి రోజు మూడు బిళ్లలు, తర్వాత రోజుకొకటే... ఎందుకలా?

ప్రశ్న: మా అమ్మకి 57 ఏళ్లు. గుండె లయ తప్పి, దడగా కొట్టుకుంటోందని ఆస్పత్రిలో చేర్చాం. మొదటి రోజు డిజాక్సిన్ 0.25 బిళ్లలు రెండు ఒకేసారి వేశారు, ఆరు గంటలాగి ఇంకోటి వేశారు. మర్నాటి నుంచి రోజుకొక్కటే. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్ మాత్రం ఆరు గంటలకోసారి వేసుకోవచ్చట. జబ్బు పూర్తిగా తగ్గకుండానే గుండె మందు ఎందుకు తగ్గించారు? ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయొచ్చా?

జవాబు: మందు తగ్గించలేదండీ. మొదటి రోజు వేసిన మూడు బిళ్లలు ఒంట్లో మందు నింపడానికి. ఇప్పుడు రోజూ వేస్తున్న ఒక్క బిళ్ల, ఆ రోజు ఒంట్లోంచి పోయిన మందును మళ్లీ పెట్టడానికి. రెండూ వేర్వేరు పనులు. ఎలాగో బిళ్లల లెక్కలోనే చూద్దాం.

ఒంట్లో ఉన్న మందులో సగం బయటికి పోవడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటాం. కిడ్నీలు బాగున్నవాళ్లలో డిజాక్సిన్ హాఫ్ లైఫ్ ఒకటిన్నర నుంచి రెండు రోజులు. రెండు రోజులే అనుకుందాం. అంటే ఒక్క రోజులో సుమారు 30 శాతం పోతుంది, 70 శాతం మిగులుతుంది. ఇక్కడ ఒకటి గమనించాలి. కిడ్నీలు రోజుకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కపెట్టి పంపించవు, ఉన్నదాంట్లో ఒక వాటా పంపిస్తాయి. నిల్వ తక్కువగా ఉంటే పోయేదీ తక్కువ, ఎక్కువగా ఉంటే పోయేదీ ఎక్కువ.

ఇప్పుడు మీ అమ్మగారికి మొదటి రోజు నుంచీ ఒక్కో బిళ్లే ఇచ్చి ఉంటే ఏమయ్యేది? మొదటి రోజు ఒంట్లో ఒక బిళ్ల మందు. రెండో రోజు పొద్దుటికి అందులో 0.7 మిగులుతుంది, కొత్త బిళ్లతో కలిపి 1.7. మూడో రోజు 2.2. నాలుగో రోజు 2.5. ఐదో రోజుకి 2.8. ఇలా పెరుగుతూ పోయి 3.3 దగ్గర ఆగిపోతుంది. అక్కడే ఎందుకంటే, 3.3 బిళ్లల్లో 30 శాతమంటే సరిగ్గా ఒక బిళ్ల. రోజూ పోయేదీ ఒకటే, వచ్చేదీ ఒకటే. ఇక నిల్వ పెరగదు. (మింగిన బిళ్లలో కొంత భాగం అసలు ఒంటికి పట్టదు. అన్ని బిళ్లలకీ అదే నిష్పత్తి కాబట్టి మన లెక్క మారదు.)

ఆ స్థాయికి దాదాపుగా చేరడానికి నాలుగైదు హాఫ్ లైఫ్‌లు పడుతుంది, అంటే ఈ మందుకి ఎనిమిది నుంచి పది రోజులు. నెమ్మదించాల్సిన గుండె నిమిషానికి 130, 140 సార్లు కొట్టుకుంటూ వారం పైన అలాగే ఉండాలి. అందుకే డాక్టరు మొదటి రోజే మూడు బిళ్లలతో నింపేశారు. దీన్నే లోడింగ్ డోస్ అంటాం. మర్నాటికి ఆ మూడింట్లో 2.1 మిగిలింది, ఆ రోజు బిళ్లతో కలిపి 3.1 అయింది. చూశారుగా, వారం తర్వాత చేరాల్సిన చోటికి రెండో రోజుకే వచ్చేశారు.

లోడింగ్ డోస్ తొందరగా చేరుస్తుందే కానీ ఎక్కడికి చేరాలో అది నిర్ణయించదు. ఆవిడకి మూడు కాకుండా నాలుగు బిళ్లలు వేసి ఉన్నా, అసలు వేయకపోయినా, రోజుకో బిళ్ల చొప్పున వాడితే రెండు వారాల తర్వాత ఒంట్లో ఉండేది సుమారు ఆ 3.3 బిళ్లల మందే. నిలకడగా ఎంత ఉండాలో తేల్చేది రోజువారీ డోసు, దాన్ని బయటికి పంపే కిడ్నీలు.

మరి మూడు బిళ్లలూ ఒకేసారి ఎందుకు వేయలేదు? డిజాక్సిన్ రక్తంలో ఉండిపోయే మందు కాదు. అధిక భాగం కండరాల్లోకి, గుండె కండరంలోకి వెళ్లి అక్కడ అతుక్కుంటుంది. రక్తంలో కనిపించే కొద్దిపాటి మోతాదును బట్టి లెక్కవేస్తే, 60 కిలోల మనిషి ఒంట్లో ఈ మందు 400 లీటర్ల నీళ్లలో కలిసినంత పలచగా ఉంటుంది. మనిషి బరువే 60 కిలోలైతే 400 లీటర్లు ఎక్కడివని అడగకండి, అదొక లెక్క మాత్రమే. మందు ఎంత ఎక్కువగా కండరాల్లో దాక్కుంటే ఆ అంకె అంత పెద్దదవుతుంది. లోడింగ్ డోస్ ఎంతుండాలో చెప్పేది ఆ అంకే, హాఫ్ లైఫ్ కాదు. మందు రక్తంలోంచి కండరాల్లోకి సర్దుకోవడానికి ఆరు గంటల దాకా పడుతుంది. అందుకే కొంత వేసి, ఆరు గంటలాగి, నాడి ఎంతుందో చూసి, ఈసీజీ తీసి, అవసరమైతేనే మిగతాది వేస్తారు. రక్తంలో డిజాక్సిన్ పరీక్ష రాస్తే బిళ్ల వేసుకున్న ఆరు గంటల లోపు శాంపిల్ ఇవ్వకండి. లేనిపోని పెద్ద అంకె వచ్చి మీకూ మాకూ టెన్షన్.

ఈ మందు వాడే అందరికీ లోడింగ్ అక్కర్లేదు. లయ మామూలుగానే ఉండి, గుండె బలహీనంగా ఉందని ఇచ్చేటప్పుడు తొందరేమీ ఉండదు కాబట్టి మామూలు డోసుతోనే మొదలుపెడతాం.

ఇక పారాసెటమాల్ సంగతి. దాని హాఫ్ లైఫ్ రెండు, మూడు గంటలే. ఆరు గంటలు గడిచేసరికి ఒంట్లో నాలుగో వంతో అంతకన్నా తక్కువో మిగులుతుంది, నొప్పీ తిరిగొస్తుంది. అందుకే రోజుకి మూడు, నాలుగు సార్లు. మొదటి బిళ్లే గంటలోపు రక్తంలో తగినంత చేరుతుంది కాబట్టి దీనికి నింపుడు అవసరం లేదు. నిల్వ పెద్దగా చేరదు కదా అని ఎన్నైనా వేసుకోకూడదు. పెద్దవాళ్లకి రోజు మొత్తంలో 4 గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం.

అలాగని ప్రతి మందునీ హాఫ్ లైఫ్‌కోసారి వేయాలని కాదు. ఇన్ఫెక్షన్లకిచ్చే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ హాఫ్ లైఫ్ సుమారు గంట, కానీ ఎనిమిది గంటలకోసారి ఇస్తాం. ఒకేసారి ఎక్కువిచ్చినా పెద్దగా హాని ఉండదు కాబట్టి, అది తగ్గుతూ వచ్చేలోపు పని జరిగిపోతుంది. గుండెకిచ్చే ఆస్పిరిన్ హాఫ్ లైఫ్ అయితే అరగంట కూడా ఉండదు. అయినా రోజుకొకటి చాలు, ఎందుకంటే అది ప్లేట్‌లెట్ కణాన్ని ఒకసారి పట్టుకుందంటే ఆ కణం బతికున్నన్నాళ్లూ పనిచేయనివ్వదు. డిజాక్సిన్‌కి అలాంటి వెసులుబాటు లేదు. పనిచేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ.

ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకండి. మామూలుగా బిళ్ల వేసుకునే వేళకి ఒంట్లో 2.3 ఉంటుంది. ఆ రోజు మానేస్తే మర్నాటికి 1.6 అవుతుంది. అప్పుడు ఒకటి వేస్తే 2.6, రెండు వేస్తే 3.6. లెక్క చూస్తే రెండు వేసినా కొంపలేం మునగవనిపిస్తుంది. అయినా వద్దనే అంటాను. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందికి నిన్న వేసుకున్నారో లేదో కచ్చితంగా గుర్తుండదు, అనుమానంతో రెండేస్తారు. నిజంగా వేసుకుని ఉంటే అది 4.3 అవుతుంది. 12 గంటల లోపు గుర్తొస్తే వేసేయండి, దాటితే వదిలేసి మర్నాడు మామూలు వేళకి ఒక్కటే వేయండి. హాఫ్ లైఫ్ రెండు రోజులు కావడం వల్ల ఒక్క రోజు తప్పినా నిల్వ పూర్తిగా పోదు. నాలుగైదు రోజులు ఆగిపోతే మాత్రం, మళ్లీ మూడు బిళ్లలతో మీరే మొదలుపెట్టకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

నా దగ్గరికి కొన్నేళ్ల క్రితం ఒకాయన వాంతులతో వచ్చారు. అంతకు ముందు ఒక ఆస్పత్రిలో ఇచ్చిన చీటీలో మొదటి రోజు డోసు, రోజువారీ డోసు ఒకే గీత మీద రాసి ఉన్నాయి. ఆయన నాలుగు రోజులూ రోజుకి మూడేసి వేసుకున్నారు. నాడి 44. ట్యూబ్‌లైట్ చుట్టూ పసుపు వలయం కనిపిస్తోందన్నారు. ఆ ఒక్క మాటతో విషయం అర్థమైంది. మీ చీటీలో ఏ తారీకు నుంచి రోజుకొకటో విడిగా రాయించుకోండి.

మీరు అసలు కనిపెట్టి ఉండాల్సింది మాత్రం కిడ్నీలని. కిడ్నీలు బాగా మందగిస్తే డిజాక్సిన్ హాఫ్ లైఫ్ నాలుగైదు రోజులకి సాగుతుంది. రోజుకి 30 శాతం పోవాల్సింది 15 శాతమే పోతుంది. అదే ఒక్క బిళ్ల వేస్తున్నా నిల్వ 3.3 దగ్గర ఆగదు, 6.7 దాకా పోతుంది. అదీ ఒక్క రోజులో కాదు, మూడు వారాల్లో మెల్లగా పెరుగుతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు, డోసు మారలేదు కదా అనుకుంటారు. విరేచనాలు, వాంతులతో ఒంట్లో నీరు తగ్గిపోతే కిడ్నీలు కాస్తా నెమ్మదిస్తాయి. క్లారిత్రోమైసిన్, వెరాపమిల్, అమియోడరోన్ లాంటివి కలిసినా డిజాక్సిన్ పెరుగుతుంది. ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు పోయే బిళ్లలు పొటాషియం తగ్గిస్తే, మామూలు మోతాదు డిజాక్సినే హాని చేయగలదు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ బిళ్ల వాడుతున్నారని ముందే చెప్పండి.

ఆకలి మందగించడం, వికారం, వాంతులు, కొత్తగా మతిమరుపు లేదా తికమక, చూపులో పసుపు రంగు, నాడి నిమిషానికి 60 కంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు బిళ్ల వేయకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. నాడి పూర్తి నిమిషం పట్టి లెక్కపెట్టండి. లయ తప్పిన గుండెకి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే అంకె తప్పు రావచ్చు. డిశ్చార్జి కాగితంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో చూసి పెట్టుకోండి, తర్వాతి చెకప్‌లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు మళ్లీ చేయించమని అడగండి. క్రియాటినిన్ పెరిగి ఉంటే అప్పుడు నిజంగానే బిళ్ల సగానికి తగ్గిస్తారు, లేదా రోజు విడిచి రోజు వేయమంటారు.