ముందు పంచె తెల్లబడాలి, తర్వాతే ముఖం

ప్రశ్న: సార్, మొన్న మా ఇంటి ముందు షామియానా వేసి అమ్మాయి నిశ్చితార్థం చేశాం. అమ్మాయిది చామనచాయ. షామియానా కింద ఫోన్‌తో తీసిన ఫొటోల్లో ముఖం నల్లగా, బూడిద పూసినట్టు ఉంది. బ్రైట్‌నెస్ పెంచితే పాలిపోయింది. రాత్రి హాల్లో తీసినవాటిలోనేమో పసుపు రాసినట్టుంది. ఆల్బమ్‌లో పెట్టుకోవాలి, ఏ యాప్‌తో సరిచేయాలి?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అమ్మా, ముందు షామియానా రంగు చూడండి. మీరు పంపిన ఫొటోలో పైన కట్టిన గుడ్డ నీలం. ఎండ ఆ గుడ్డలోంచి దిగేసరికి కింద కూర్చున్న అందరి మీదా నీలి వెలుగే పడింది. అక్కడున్నప్పుడు మీకెవరికీ అది తెలియదు, కాసేపటికే కళ్లు ఆ వెలుగుకి అలవాటు పడిపోతాయి. ఫోన్ కూడా వెలుగు రంగుని అంచనా వేసి దానికి విరుగుడుగా రంగులు సవరిస్తుంది. వైట్ బ్యాలెన్స్ అంటే ఇదే. కానీ ఫ్రేమంతా ఒకే రంగు కమ్ముకున్నప్పుడు, అది వెలుగు రంగో వస్తువు రంగో ఫోన్ తేల్చుకోలేదు. సగం సవరించి వదిలేస్తుంది.

ఇప్పుడు అమ్మాయి ముఖం సంగతి. ఛాయ ఏదైనా సరే, మనిషి చర్మం మీద తెల్లని వెలుగు పడితే ఎరుపు ఎక్కువగా తిరిగొస్తుంది, ఆకుపచ్చ అంతకన్నా తక్కువ, నీలం అన్నిటికన్నా తక్కువ. చర్మంలోని మెలనిన్, దాని కింద పారే రక్తం చేసే పని అది. నీలి వెలుగులో ఎరుపు పాలు తక్కువ. చర్మం బాగా వెనక్కి పంపగలిగే రంగే దాని మీద పడటం లేదన్నమాట. అందుకే పక్కనున్న తెల్లచొక్కా బాగానే కనిపిస్తున్నా ముఖం మాత్రం నల్లబడి, ఎరుపు చచ్చి, బూడిదగా తేలింది. వెలుతురు చాలక వచ్చిన నలుపు కాదు కాబట్టే బ్రైట్‌నెస్ పెంచినా లాభం లేకపోయింది.

మీ ఫొటోని కంప్యూటర్లో తెరిచి, GIMP అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోని Color Pickerతో అమ్మాయి చెంప మీద రంగు కొలిచి చూశాను. ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా అంకె ఉంటుంది. ఎరుపు 112, ఆకుపచ్చ 94, నీలం 98 వచ్చాయి. నీలం ఆకుపచ్చని దాటేసింది. మామూలు వెలుగులో చర్మం అలా ఉండదు. బ్రైట్‌నెస్ పెంచి ఈ మూడింటినీ 1.3 రెట్లు చేశామనుకోండి, 146, 122, 127 అవుతాయి. వెలుతురు పెరిగింది గానీ ఆకుపచ్చ మీద నీలానిది ఇంకా పైచేయిగానే ఉంది. మీరు చెప్పిన పాలిపోవడం అదే.

అదే ఫొటోలో అమ్మాయి పక్కన కూర్చున్న పెద్దాయన తెల్లపంచె కొలిస్తే 150, 175, 215. తెల్లగుడ్డలో మూడు అంకెలూ దాదాపు సమానంగా ఉండాలి. వాటిని 175 దగ్గర సమానం చేయాలంటే ఎరుపుని సుమారు 1.17తో హెచ్చించాలి, నీలాన్ని 0.81కి తగ్గించాలి, ఆకుపచ్చ జోలికి పోనక్కర్లేదు. ఆ లెక్కే చెంపకి వేస్తే 131, 94, 80 వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరస కుదిరింది, చామనచాయ తిరిగొచ్చింది. ముఖాన్ని మనం ముట్టుకోనే లేదు, పంచెని తెల్లబరిచాం, అంతే. బ్రైట్‌నెస్ కొంచెం పెంచాలనిపిస్తే ఇప్పుడు పెంచండి.

ఈ లెక్కలు మీరు వేసుకోనక్కర్లేదు. స్నాప్‌సీడ్‌లో ఫొటో తెరిచి Toolsలో White Balanceకి వెళ్తే డ్రాపర్ బొమ్మ ఉంటుంది. దాన్ని పంచె మీద పెడితే యాప్ ఈ పనే చేస్తుంది. లైట్‌రూమ్ వాడితే Colorలో కూడా అలాంటి డ్రాపరే ఉంది. తర్వాత Temperature, Tint కొద్దిగా అటూ ఇటూ జరిపి చూసుకోండి. మొదటిది నీలం, పసుపుల మధ్య నడుస్తుంది, రెండోది ఆకుపచ్చ, గులాబీల మధ్య. తాటాకు పందిరి కిందో చెట్టు కిందో తీసినవాటికి రెండోదానితోనే ఎక్కువ పని. పని మొదలుపెట్టే ముందు ఫోన్‌లో కళ్లకి హాయి అని పెట్టుకునే నైట్ లైట్ లాంటివి ఆపేయండి. లేకపోతే స్క్రీన్ పసుపుకి విరుగుడుగా ఫొటోని నీలం చేస్తారు.

తెలుపు అని దేన్ని నమ్మాలన్నదే అసలు తిప్పలు. ఆ పంచె అమ్మాయి కూర్చున్న వెలుగులోనే ఉండాలి. షామియానా బయట ఎండలో నిలబడ్డవాళ్ల పంచె పనికిరాదు. పసుపు అద్దిన బట్టలు, మీగడ రంగు గోడలు వద్దు. వెలుతురు ఎక్కువై మడతలు కూడా కనపడనంత తెల్లగా మెరిసేచోట డ్రాపర్ పెట్టొద్దు, అక్కడ మూడు అంకెలూ 255 దగ్గర ఆగిపోయి వెలుగు రంగు ఆచూకీ ఏమీ మిగలదు. నీడ పడిన మడత మంచిది. మనవైపు తెల్లబట్టలకి నీలిమందు పెట్టడం అలవాటు కదా, అలాంటి బట్ట అసలే కాస్త నీలంగా ఉంటుంది. దాన్ని తెలుపనుకుని సరిచేస్తే ఫొటో ఒక పిసరు పసుపువైపు పోతుంది. అలా అనిపిస్తే Temperatureని కొంచెం వెనక్కి తీసుకోండి.

హాల్లో ఫొటోలకి వ్యవహారం తిరగబడుతుంది. వెలుగు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ ఎరుపు, పసుపు ఎక్కువ. పసుపు బల్బు వెలుగు సుమారు 2700 కెల్విన్, మధ్యాహ్నపు ఎండ సుమారు 5500. బల్బు వెలుగులో ఎరుపు మరీ ఎక్కువ, నీలం మరీ తక్కువ. డ్రాపర్ పద్ధతి మారదు గానీ, నుదురు మీద, ముక్కు మీద ఎరుపు ఇప్పటికే 255 తాకేసి ఉండొచ్చు. అలాంటి ఫొటోని సరిచేశాక ఆ చోట్ల చర్మం వెలుగునీడలేవీ లేకుండా మట్టసంగా, అతికించిన మచ్చలా కనిపిస్తుంది. జేపెగ్ ఫైల్లో పోయిన ఆ వివరం ఏ యాప్‌తోనూ రాదు. ఫొటోగ్రాఫర్ కూడా వచ్చి ఉంటే, ఆల్బమ్‌కి ముఖ్యమైన నాలుగు ఫొటోలకి, కెమెరా సవరించకుండా దాచే రా ఫైళ్లు ఉన్నాయేమో అడగండి. వాటిలో సవరణకి చోటు ఎక్కువ.

ముఖానికి ఒకవైపు ఫోకస్ లైటు, ఇంకోవైపు ట్యూబ్‌లైటు పడ్డ ఫొటోలకి ఒకే డ్రాపర్ సరిపోదు. ఒక చెంప కుదిరితే రెండోది చెడుతుంది. వెలుగు ఎక్కువ పడ్డ వైపు ముందు సరిచేసి, రెండో చెంపని లైట్‌రూమ్ మాస్కింగ్‌లో బ్రష్‌తో విడిగా దిద్దాలి. ఇందులో మాస్కింగ్‌కి డబ్బులు కట్టాల్సి రావచ్చు. అంత శ్రమ వద్దనుకుంటే అలాంటి ఒకటి రెండు ఫొటోల్ని బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, నిజంగా బాగుంటాయి.

ఒక్కటి మాత్రం చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. వైట్ బ్యాలెన్స్ సరిచేయకుండా బ్యూటీ ఫిల్టర్ వేయకండి. బూడిద రంగుని అది నున్నగా చేసి ఇంకా తెల్లబరుస్తుంది, అప్పుడు అమ్మాయి ఎవరి పోలికో కూడా గుర్తుపట్టలేం. చామనచాయ ఆల్బమ్‌లో చామనచాయగానే ఉండాలి. నలుగు పెట్టిన రోజు ఫొటోలు వస్తే వాటిలో పసుపు కూడా తీసేయకండి, అది నిజంగా ముఖం మీదున్న పసుపే. డ్రాపర్‌ని పంచె మీదో తెల్ల తువ్వాలు మీదో పెట్టి వదిలేయండి.

పెళ్లికి షామియానా బుక్ చేసేటప్పుడు అమ్మాయి కూర్చునే చోట పైన తెల్లగుడ్డ కట్టమనండి.