పోర్ ఓవర్‌లో చెంచా ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీసేయాలి

ప్రశ్న: రాయగడలో ఉంటాను. వి60 అనే గరాటులాంటి డ్రిప్పర్‌లో కాగితపు ఫిల్టర్ వేసి 15 గ్రాముల కోరాపుట్ కాఫీని 250 గ్రాముల నీటితో కాస్తున్నాను. పోసిన ప్రతిసారీ చెంచాతో కలిపితే అయిదు నిమిషాలకు కూడా నీరు దిగడం లేదు, కాఫీ వగరుగా ఉంటోంది. కలపకపోతే మూడు నిమిషాల్లోపే దిగిపోయి పల్చగా, పుల్లగా వస్తోంది. కలపాలా, వద్దా?

జవాబు: పొడిని తడిపే మొదటి పోతలో బాగా కలపండి. ఆ తర్వాత చెంచా ముట్టుకోకండి. నేను ఉండేది గుణుపురంలో. మీరు చేస్తున్న తప్పునే చాలా నెలలు చేశాను, పైగా తప్పంతా కాగితపు ఫిల్టర్‌దేనని రెండు రకాల కాగితాలు మార్చాను కూడా.

వంశధారకు కొత్త నీరు వచ్చినప్పుడు ఒక బిందెడు ముంచి పక్కన పెడితే ముందు ఇసుక అడుక్కు చేరుతుంది, ఒండ్రు చివరికి దాని మీద పలుచగా పరుచుకుంటుంది. డ్రిప్పర్‌లోనూ అంతే. ఎంత మంచి మరలో ఆడించినా రవ్వతోపాటు కొంత నుసి వస్తుంది. మీరు కలిపినప్పుడల్లా పొడి మొత్తం పైకి లేస్తుంది. బరువైన రవ్వ ముందు దిగుతుంది. నుసిలో కొంత నీటితోపాటు కొట్టుకుపోయి కాగితం రంధ్రాలకు అడ్డం పడుతుంది, మిగతాది పైన బురద పొరలా కూర్చుంటుంది. ఇక నీరు దిగడానికి దారి ఉండదు. మా అత్తయ్య డికాక్షన్ ఫిల్టర్‌లో పొడి మీద ఆ గొడుగు బిళ్ల పెట్టి, నీళ్లు పోశాక ఎవరినీ కదపనివ్వదు. ఆవిడ కారణం చెప్పదు కానీ కారణం ఇదే.

అలాగని కలపడం చెడ్డదేమీ కాదు. రేణువు చుట్టూ ఉన్న నీరు సారంతో చిక్కబడితే, లోపలి సారం బయటికి రావడం మందగిస్తుంది. కదిలిస్తే ఆ నీరు పక్కకు తప్పుకుని కొత్త నీరు తగులుతుంది. అంతకన్నా ముఖ్యమైనది పొడి ఉండలు. తాజాగా వేయించిన గింజల పొడిలో వాయువు ఉంటుంది. అది నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి కొన్ని ఉండలు చివరిదాకా తడవకుండానే మిగిలిపోతాయి. మీ కలపని కప్పు పుల్లగా ఉండడానికి బహుశా ఇదే కారణం. ఈసారి కాచాక తడి పొడిని వేలితో విప్పి చూడండి, లోపల లేత రంగులో పొడి ఉండలు కనిపిస్తే అనుమానం తీరిపోతుంది.

ఒక ఆదివారం మర అమరిక మార్చకుండా మూడు కప్పులు కాచాను. అసలు కలపనిది 2 నిమిషాల 40 సెకన్లలో దిగింది, రుచి మీరు చెప్పినట్టే ఉంది. ప్రతి పోతకూ కలిపినది 4 నిమిషాల 50 సెకన్లు పట్టింది, నాలుక గీరుకున్నట్టయింది. మూడోదానికి 45 గ్రాముల నీళ్లు పోసి, ఐస్‌క్రీము పుల్లతో అడుగు దాకా అయిదారు సార్లు కలిపాను. 40 సెకన్లు ఆగాక మిగతా నీటిని రెండు విడతలుగా, తక్కువ ఎత్తు నుంచి నెమ్మదిగా పోశాను. చివరి పోత అవగానే డ్రిప్పర్‌ను పట్టుకుని ఒక్కసారి మెల్లగా గుండ్రంగా తిప్పాను. 3 నిమిషాల 15 సెకన్లలో దిగింది. మూడింటిలో తీపి తెలిసింది ఈ కప్పులోనే.

చివర్లో అలా తిప్పడం సారం పిండడానికి కాదు. గోడలకు అంటుకున్న పొడి మళ్లీ నీటిలోకి వస్తుంది, గుంటలు పడిన పొడి సమంగా పరుచుకుంటుంది, దాంతో నీరు అన్ని చోట్లా ఒకే మందం గుండా దిగుతుంది. బాగుంది కదా అని నాలుగైదు సార్లు గట్టిగా తిప్పితే పొడి బిగుసుకుని చెంచాతో వచ్చిన సమస్యే మళ్లీ వస్తుంది.

చెంచా మానేసినా, కెటిల్‌ను జానెడు ఎత్తున పట్టుకుని ధారగా పోస్తే అది కూడా కలపడమే. ఆ ధార పొడిని తవ్వేస్తుంది. నీరంతా దిగాక పొడి చదునుగా, పైన రవ్వ కనబడుతూ ఉంటే మీ చేయి సరిగ్గా ఉన్నట్టు. నున్నగా, మెరుస్తూ బురదలా ఉంటే ఎక్కువ కదిలించినట్టు.

ఇదంతా పొడి లావు సరిగ్గా ఉన్నప్పటి మాట. ఏమీ కదపకుండా పోసినా నాలుగు నిమిషాలు దాటుతుంటే పొడి మరీ మెత్తగా ఉంది. మిక్సీలో కొడుతుంటే నుసి మరింత ఎక్కువ. అప్పుడు ముందు పొడిని కాస్త లావు చేసి, కదపని కప్పు మూడు నిమిషాల్లోపు దిగేదాకా చూసుకోండి. మొదటి పోతలో కలపడం ఆ తర్వాతే మొదలుపెట్టండి. రెండూ ఒకేసారి మారిస్తే సమయం దేనివల్ల మారిందో మీకు తెలియదు.