ఉద్యోగం మానేసి ఎంసీఏనా, ఉద్యోగంలో ఉంటూ ఆన్‌లైన్‌లోనా?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నాకు 32 ఏళ్లు. ఇంటర్ సీఈసీ, తర్వాత బీకాం. తొమ్మిదేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ పేయబుల్ చూస్తున్నా. చేతికి 54 వేలు వస్తుంది. నా భార్య స్కూల్ టీచర్, జీతం 22 వేలు. పాప యూకేజీ. ఇంటి ఖర్చు నెలకు 58 వేలు. ఎఫ్‌డీ 7 లక్షలుంది. డేటా అనలిస్ట్‌గా మారాలనుంది. రిజైన్ చేసి కాలేజీలో ఎంసీఏ చేస్తే ఫీజు 3.2 లక్షలు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఉంటుందంటున్నారు. ఆన్‌లైన్ ఎంసీఏ అయితే 1.6 లక్షలు, నో కాస్ట్ ఈఎంఐ ఉంది, ఈ వారంలోనే చేరమని రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఉద్యోగం మానకండి. మీకు ఆన్‌లైన్ డిగ్రీనే సరిపోతుంది. కానీ ఈ వారం చేరొద్దు, ఆ ఈఎంఐ మీద అసలే చేరొద్దు.

మీరు 3.2 లక్షలను, 1.6 లక్షలను పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. కాలేజీ చదువుకు మీరు పెట్టే అసలు ఖర్చు ఫీజు కాదండీ, రెండేళ్ల జీతం. 54 వేల చొప్పున 24 నెలలకు 12.96 లక్షలు. ఫీజుతో కలిపితే 16 లక్షలు దాటింది. ఆన్‌లైన్ కంటే ఇది సుమారు 14.5 లక్షలు ఎక్కువ. ఆన్‌లైన్ డిగ్రీతో వచ్చే ఉద్యోగం కన్నా కాలేజీ డిగ్రీతో వచ్చే ఉద్యోగంలో నెలకు 10 వేలు ఎక్కువ వస్తుందనుకున్నా, ఆ తేడా పూడటానికి 12 ఏళ్లు పడుతుంది. 20 వేలు ఎక్కువ వస్తే ఆరేళ్లు.

అంతకంటే ముందు వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది. మీ జీతం ఆగితే 22 వేలతో 58 వేల ఇల్లు నడవాలి. నెలకు 36 వేలు తక్కువ. ఎఫ్‌డీలోంచి ఫీజుకు 3.2 లక్షలు పోతే 3.8 లక్షలు మిగులుతాయి. అవి పదిన్నర నెలలు వస్తాయి. తొమ్మిదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ వస్తుంది కదా అంటారేమో. బేసిక్ 26 వేలనుకుంటే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున (నెలకు 26 రోజుల లెక్క) 1.35 లక్షలు వస్తుంది. దానితో ఇంకో నాలుగు నెలలు కూడా గడవవు. అంటే మూడో సెమిస్టర్‌లో, ప్రాజెక్టు కూడా మొదలవకముందే, చేతిలో పైసా లేకుండా అవుతారు. ఆ తర్వాత చదువు పూర్తయ్యేదాకా, ఉద్యోగం దొరికేదాకా అప్పు మీదే బతకాలి.

ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ కూడా పోతుంది. నా క్లయింట్ ఒకరు ఇలాగే మానేసి చదువుకు వెళ్లారు. నాలుగో నెలలో వాళ్లబ్బాయికి అపెండిక్స్ ఆపరేషన్ పడింది. సొంత పాలసీ తీసుకోవాలని అనుకుంటూనే వాయిదా వేశారు. సెకండ్ సెమిస్టర్ ఫీజుకని దాచిన డబ్బు మొత్తం ఆస్పత్రిలో కట్టేశారు. ఆ రోజు ఆయన ఫోన్లో మాట్లాడిన గొంతు నాకింకా గుర్తుంది. మీరు ఏ దారిలో వెళ్లినా సరే, ఉద్యోగంలో ఉండగానే ముగ్గురికీ కలిపి ఓ సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి.

ఇక ప్లేస్‌మెంట్ సంగతి. కాలేజీ వైపు మిమ్మల్ని లాగుతున్నది ఇదే, ఈ ఒక్క మాట జాగ్రత్తగా చూడండి. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ఫ్రెషర్లను తీసుకోవడానికి వస్తాయి. వాళ్ల నోటిఫికేషన్ అడుగున అర్హతలు రాసి ఉంటాయి. ఫుల్‌టైమ్ కోర్సు అయి ఉండాలి అన్నది వాటిలో ఒకటి, అది చూసే మీరు కాలేజీ అనుకుంటున్నారు. దాని కింద వరస కూడా చదవండి. చదువులో రెండేళ్లకు మించి గ్యాప్ ఉండకూడదని, వయసు ఇంతకు మించకూడదని చాలా పెద్ద కంపెనీలు పెడతాయి. బీకాం అయిన తొమ్మిదేళ్ల తర్వాత ఎంసీఏలో చేరి 34 ఏళ్లకు బయటికొచ్చే మీరు ఆ రెండు చోట్లా ఆగిపోయే అవకాశం ఎక్కువ. కాలేజీ వాళ్లు అబద్ధం చెప్పారని కాదు. ప్లేస్‌మెంట్ ఉంటుంది, కానీ అది 22 ఏళ్ల పిల్లల కోసం కట్టిన ఏర్పాటు. అందుకే ప్లేస్‌మెంట్ ఆఫీసులో ఒకే ప్రశ్న అడగండి: “పోయిన రెండు బ్యాచుల్లో 30 దాటినవాళ్లు ఎంతమంది, వాళ్లకు ఏ కంపెనీలో వచ్చింది?” జవాబు పేర్లతో రాకపోతే లేదనే అనుకోండి.

ఇంకో సంగతి. కర్ణాటక పీజీసెట్‌లో ప్రభుత్వ కోటా సీటుకు రాష్ట్రంలో ఇన్నేళ్లు చదివి ఉండాలన్న షరతు ఉంటుంది. హిందూపురంలో చదివినవాళ్లకు అది దాటడం కష్టం. మీకు చెప్పిన 3.2 లక్షలు మేనేజ్‌మెంట్ సీటు ఫీజే అయ్యుంటుంది, అడిగి చూడండి.

మరి ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉందా అంటే, యూజీసీ 2020 నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం. ప్రైవేటు కంపెనీ ఎవరిని తీసుకుంటుందన్నది దాని ఇష్టం. మీ వయసులో, మీ అనుభవంతో వెళ్లేవాళ్లను చేసిన పనిని బట్టి తీసుకుంటారు. పోస్టుకు పీజీ అడిగితే ఆ గడి నింపడం వరకే డిగ్రీ పని. ఆ గడి కోసం 16 లక్షలు పెట్టొద్దన్నదే నా మాట. అందరికీ ఇదే వర్తించదు. నర్సింగ్, లా, ఇంజనీరింగ్, ఫిజియోథెరపీ లాంటివి ఆన్‌లైన్‌లో నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. అటు వెళ్లాలనుకునేవాళ్లకు కాలేజీ తప్ప దారి లేదు.

చేరేముందు deb.ugc.ac.in తెరిచి చూడండి. ఏ యూనివర్సిటీకి, ఏ సెషన్‌కి, ఏ కోర్సుకి ఆన్‌లైన్ అనుమతి ఉందో అక్కడ ఉంటుంది. యూనివర్సిటీ పేరొక్కటే ఉంటే చాలదు, ఎంసీఏ అని విడిగా ఉండాలి, మీరు చేరే సెషన్‌కే ఉండాలి. అదే సైట్‌లో డీఈబీ ఐడీ, అంటే ఆన్‌లైన్, దూరవిద్య విద్యార్థులకు యూజీసీ ఇచ్చే నంబరు, తీసుకోవాలి. 2024 నుంచి అది లేకుండా ఆన్‌లైన్ అడ్మిషన్ చెల్లదు. దానికి డిజిలాకర్‌లో వచ్చే ఏబీసీ ఐడీ, అంటే మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, కావాలి. మీకు ఫోన్ చేసేవాళ్లు డీఈబీ ఐడీ ఊసెత్తకుండా డబ్బు మాట మాట్లాడితే అక్కడే ఆగండి. వాళ్లు యూనివర్సిటీ మనుషులు కాకపోవచ్చు, కమిషన్ మీద పనిచేసే కౌన్సెలర్లు అయ్యుంటారు. మీరు సీఈసీ కాబట్టి ఇంకొకటి అడగాలి. లెక్కలు చదవనివాళ్లను ఎంసీఏలోకి తీసుకుంటున్నారా, తీసుకుంటే బ్రిడ్జ్ కోర్సు ఏంటి? మెయిల్‌లో జవాబు తీసుకోండి, ఫోన్లో చెప్పింది నమ్మకండి. ఈ వారం దాటితే సీటు పోతుందన్న టెన్షన్ వద్దు. ఏడాదికి రెండు సెషన్లు, జనవరి–ఫిబ్రవరి ఒకటి, జూలై–ఆగస్టు ఇంకొకటి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే మామూలుగా ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, మీ పేరున ఇచ్చే లోన్. రెండేళ్ల ఫీజు మొదటిరోజే కోర్సు అమ్మినవాళ్లకు వెళ్లిపోతుంది, మీ ఖాతా నుంచి ప్రతి నెలా కోసుకునేందుకు మీరు మాండేట్ ఇస్తారు. మూడో నెలలో చదవలేక మానేసినా ఈఎంఐ ఆగదు, ఆపితే సిబిల్ పాడవుతుంది. ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టి ఉంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి, అందులో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో చూడండి. ఆ గడువులోపు అయితే బయటికి రావచ్చు. ఎడ్యుకేషన్ లోన్‌కు ట్యాక్స్ మినహాయింపు ఉందని కూడా చెప్పి ఉంటారు. ఆ మినహాయింపు పాత పద్ధతిలోనే. మీ జీతానికి కొత్త పద్ధతిలో ట్యాక్స్ ఎలాగూ సున్నా, 12 లక్షల ఆదాయం దాకా అంతే. కాబట్టి అది మీకు అక్కరకు రాదు. సెమిస్టర్‌కు 40 వేలు కట్టుకునే వీలుందేమో అడగండి. ఇద్దరి జీతాల్లో ఖర్చు పోను మీకు 18 వేలు మిగులుతోంది. నెలకు 7 వేలతో ఆర్‌డీ వేస్తే సెమిస్టర్ ఫీజు దానంతటదే కుదురుతుంది, ఎఫ్‌డీ ముట్టుకోనక్కర్లేదు.

ఆన్‌లైన్‌కు అసలు గండం డబ్బు కాదు, మధ్యలో వదిలేయడం. నెలాఖరు క్లోజింగ్ రోజుల్లో రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరి, పాపను పడుకోబెట్టి, లాప్‌టాప్ తెరవగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. దాన్ని 1.6 లక్షలు పెట్టి తేల్చుకోవద్దు. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటీఈఎల్‌లో డేటాబేస్ మీదో పైథాన్ మీదో 12 వారాల కోర్సులో చేరండి. చేరడం ఉచితం, వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. చివర్లో సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లలో రెండు మూడు తప్పినా పరీక్ష రాసి వచ్చారంటే మీరు ఎంసీఏ మోయగలరు. ఐదో వారంలోనే ఆగిపోతే మీకు తెలియాల్సింది వెయ్యి రూపాయల్లోపే తెలిసింది.

ఈ 12 వారాల్లోనే ఆఫీసులో ఇంకొకటి మొదలుపెట్టండి. వెండర్ ఇన్వాయిసులు రోజూ మీ కళ్ల ముందే ఉంటాయి. ఒకే వెండర్, ఒకే మొత్తం, ఇన్వాయిస్ నంబరులో ఒక గీతో సున్నానో తేడా, అదే బిల్లుకు రెండుసార్లు పేమెంట్. ఇవి ఎక్కడెక్కడ జరుగుతాయో మీకు తెలిసినట్టు బయటి నుంచి వచ్చిన అనలిస్టుకు తెలియదు. మీ మేనేజర్‌ను అడిగి, గత ఏడాది డేటా మీద పవర్ క్వెరీతోనో ఎస్‌క్యూఎల్‌తోనో అలాంటి పేమెంట్లను పట్టే రిపోర్టు ఒకటి తయారుచేయండి. ఆ డేటా ఇంటికి తీసుకురావద్దు, ఆఫీసు సిస్టమ్‌లోనే చేయండి. ఎన్ని దొరికాయి, ఎంత రికవరీ అయింది రాసిపెట్టుకోండి. ఫైనాన్స్ అనలిటిక్స్‌లో ఐజేపీ, అంటే కంపెనీలోనివాళ్ల కోసమే ఇచ్చే ఉద్యోగ ప్రకటన, పడినప్పుడు మీ దరఖాస్తులో మొదటి వాక్యం అదే కావాలి.

ఎన్‌పీటీఈఎల్ పరీక్ష అయ్యాక, ఆ రిపోర్టు మేనేజర్ చేతిలో పెట్టాక, రెండింటి ఫలితం నాకు రాయండి. తర్వాతి సెషన్ అడ్మిషన్‌కి ఏ యూనివర్సిటీ అనేది అప్పుడు కూర్చుని చూద్దాం.