ఏడాది చివర వచ్చే రిబేట్‌ను ముందు నెలల్లోనే లెక్కగట్టే ఉద్యోగం

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక తయారీ కంపెనీ పర్చేజ్ విభాగంలో ట్రైనీగా తీసుకుంటామన్నారు. సప్లయర్ రిబేట్ల అక్రూవల్, క్లెయిమ్ చూసుకోవాలట. ఇది వట్టి డేటా ఎంట్రీ పని అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. చేరవచ్చా? ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: చేరవచ్చు. అయితే ఒప్పంద పత్రం చదివే పని కూడా మీకే ఇస్తారా అని ముందే అడగండి. ఈ పనిలో డబ్బంతా అక్కడే ఉంటుంది. ఎందుకో ఒక లెక్కతో చెబుతాను.

ఒక సప్లయర్‌తో జనవరి నుంచి డిసెంబర్ వరకు ఒప్పందం ఉందనుకోండి. ఏడాది కొనుగోళ్లు కోటి దాటితే 3 శాతం, రెండు కోట్లకు చేరితే 5 శాతం రిబేట్. ఇన్వాయిస్‌లో మాత్రం పూర్తి ధరే ఉంటుంది, మీరు కట్టేదీ పూర్తి ధరే. రిబేట్ ఏడాది ముగిశాక క్రెడిట్ నోట్‌గా వస్తుంది.

ఇక్కడ మొదట చూడాల్సింది ఆ శాతం దేనికి వర్తిస్తుందన్నది. మొత్తం కొనుగోళ్లకు, అంటే మొదటి యూనిట్ నుంచీ వర్తిస్తుందా? లేక పరిమితి దాటిన భాగానికేనా? 1.8 కోట్లు కొంటే మొదటి పద్ధతిలో రిబేట్ 5.4 లక్షలు. రెండో పద్ధతిలో కోటి పైన ఉన్న 80 లక్షలకే లెక్క కాబట్టి 2.4 లక్షలు. ఒప్పందంలో ఈ తేడా ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యం అస్పష్టంగా ఉంటే సంతకానికి ముందే రెండు అంకెలతో ఒక ఉదాహరణ రాయించుకోవాలి. మన ఒప్పందం మొదటి పద్ధతిదే అనుకుందాం.

మార్చి చివరికి 40 లక్షల సరుకు కొన్నారు. ఇంకా ఏ పరిమితీ దాటలేదు కదా అని రిబేట్‌ను సున్నాగా చూపితే తప్పు. అది వచ్చే అవకాశం ఎక్కువగా ఉండి, నమ్మదగ్గ అంచనా వేయగలిగితే ఏడాది మధ్యలోనే లెక్కలోకి తీసుకోవాలి. అక్రూవల్ అంటే ఇదే. మధ్యంతర నివేదికల అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 34, ఒప్పందం ప్రకారం రావాల్సిన రిబేట్‌ను ముందే లెక్కించమంటుంది. సప్లయర్ తన ఇష్టం కొద్దీ ఇచ్చేదాన్ని లెక్కించొద్దంటుంది. అందుకే ‘ఏడాది చివర చూసుకుందాంలెండి’ అన్న మాట ఆధారంగా అక్రూవల్ వేయకూడదు.

ఏడాదికి 2.1 కోట్లు కొంటామన్నది ప్లాన్ అయితే, మార్చిలో 40 లక్షలపై 5 శాతం, అంటే 2 లక్షలు వేస్తారు. సప్లయర్ నుంచి రావాల్సిన రిబేట్ ఖాతాకు 2 లక్షలు డెబిట్. క్రెడిట్ ఎక్కడ? చాలామంది ఇతర ఆదాయంలో వేసేస్తారు. అది సరికాదు. రిబేట్ అంటే కొన్న ధర తగ్గడమే. సరుకు నిల్వల అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా రిబేట్లను సరుకు ఖరీదులోంచి తీసేయాలనే చెబుతుంది. కొన్న సరుకులో పావు వంతు ఇంకా గోదాములోనే ఉంటే 50 వేలు స్టాకు విలువలోంచి తగ్గుతాయి. మిగతా 1.5 లక్షలు మాత్రమే అమ్మిన సరుకు ఖర్చును తగ్గిస్తాయి. మొత్తం 2 లక్షలూ లాభంలో కలిపితే అమ్మని సరుకు మీద కూడా లాభం చూపించినట్టవుతుంది.

సెప్టెంబర్ చివరికి కొనుగోళ్లు 1.3 కోట్లు, అక్రూవల్ 6.5 లక్షలు. అక్టోబర్‌లో ఉత్పత్తి తగ్గించారు, ఏడాది అంచనా 1.8 కోట్లకు పడిపోయింది. ఇక 5 శాతం రాదు. 1.3 కోట్ల మీద 3 శాతమంటే 3.9 లక్షలే ఉండాలి కాబట్టి 2.6 లక్షలు వెనక్కి తీయాలి. ఆ నెల లాభం మీద అది గట్టి దెబ్బే. అందుకే కొనుగోలు అంచనాను ప్రతి నెలా తిరిగి అడగాలి. ఏడాదంతా అక్రూవల్ శాతం ఒక్కసారి కూడా మారలేదంటే ఎవరూ అంచనా చూడటం లేదని నాకు అనుమానం వస్తుంది. బ్రిటన్ సూపర్‌మార్కెట్ సంస్థ టెస్కో, తన లాభం అంచనాను దాదాపు 25 కోట్ల పౌండ్లు ఎక్కువ చేసి చూపినట్టు 2014 సెప్టెంబర్‌లో ప్రకటించింది. సప్లయర్ల నుంచి రావాల్సిన ఆదాయాన్ని ముందుగానే లెక్కలోకి తెచ్చుకోవడం దానికి ఒక ప్రధాన కారణం.

ఇలాంటప్పుడు పర్చేజ్ మేనేజర్‌కు ఒక ఆలోచన రావడం సహజం: డిసెంబర్‌లో ఇంకో 20 లక్షల సరుకు తెప్పిస్తే రెండు కోట్లు అవుతుంది, రిబేట్ 5.4 నుంచి 10 లక్షలకు పెరుగుతుంది. ఆ 20 లక్షల మీద 4.6 లక్షలు, అంటే 23 శాతం తగ్గింపు వచ్చినట్టే కనబడుతుంది. సరుకు వెంటనే ఖర్చయ్యేదైతే ఇది మంచి బేరమే. కానీ అది గోదాములో నెలల తరబడి ఉంటే డబ్బు ఇరుక్కుపోతుంది, వచ్చే ఏడాది కొనుగోళ్లు అంతమేరకు తగ్గి అప్పటి పరిమితి అందకుండా పోతుంది. ఈ లెక్క వేసి మేనేజర్ ముందు పెట్టగల ట్రైనీని ఎవరూ డేటా ఎంట్రీ మనిషిగా చూడరు.

ఇక క్లెయిమ్. మన కంపెనీ ఆ అదనపు సరుకు తెప్పించలేదు, ఏడాది 1.8 కోట్ల దగ్గర ముగిసింది, అక్రూవల్ 5.4 లక్షలు. సప్లయర్ మాత్రం 1.74 కోట్లే అంటున్నాడు. ఇలాంటి తేడా తరచుగా వచ్చేదే. ఇన్వాయిస్‌ల వారీగా రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే 6 లక్షలు ఎక్కడివో తెలుస్తుంది. నాసిరకమని వెనక్కి పంపిన సరుకు 4 లక్షలు మన జాబితాలో అలాగే ఉంది. డిసెంబర్ చివరి వారంలో అందిన 2 లక్షల సరుకుకు సప్లయర్ జనవరి తేదీతో ఇన్వాయిస్ ఇచ్చాడు. వెనక్కి పంపినవి తీసేసి లెక్కించాలనీ, సరుకు అందిన తేదీయే ప్రమాణమనీ ఒప్పందంలో ఉంది. కాబట్టి మొదటిది వాళ్ల మాట, రెండోది మన మాట నెగ్గుతుంది. తేలిన కొనుగోలు 1.76 కోట్లు, రిబేట్ 5,28,000. మిగిలిన 12,000 అక్రూవల్‌ను వెనక్కి తీయాలి.

ఇదంతా చేసే ముందు క్లెయిమ్ గడువు చూడండి. ఏడాది ముగిశాక ఇన్ని రోజుల్లో అడగాలని ఒప్పందంలో ఉంటే, అది దాటాక హక్కు పోవచ్చు. ఒప్పందం అనుమతించకుండా సప్లయర్ బిల్లులోంచి రిబేట్‌ను మీ అంతట మీరు కోసుకోవద్దు. వాళ్లు సరుకు ఆపేస్తే నష్టం మీదే. రావాల్సిన రిబేట్ ఖాతాలో కిందటి ఏడాది బాకీ ఇంకా ఉందంటే క్లెయిమ్ పంపలేదనో, వివాదంలో ఉందనో, అసలు అక్రూవలే తప్పనో అర్థం. చేరిన మొదటి నెలలోనే ఆ పాత బాకీలు ఒక్కొక్కటిగా విప్పి చూడండి.

నేర్చుకోవాల్సినవి పెద్దగా లేవు. ఎక్సెల్‌లో SUMIFS, పివట్ టేబుల్ చేయి తిరగాలి. ఐఏఎస్ 2లో కొనుగోలు ఖర్చు గురించిన భాగం చిన్నదే, చదివేయండి. ఆ కంపెనీ ఎస్‌ఏపీ వాడుతుంటే రిబేట్ ఒప్పందాలను కండిషన్ కాంట్రాక్టులుగా ఎక్కించే WCOCO స్క్రీన్ ఎదురుకావచ్చు, అది చేరాక నేర్పుతారు. ఇంటర్వ్యూకి మళ్లీ పిలిస్తే, ఏడాది మధ్యలో కొనుగోలు అంచనా తగ్గితే అక్రూవల్‌ను ఎవరు సరిచేస్తారని అడగండి. ‘ఆడిట్ అప్పుడు చూసుకుంటాం’ అంటే ఆ కంపెనీలో మీకు నేర్పేవాళ్లు తక్కువేనని అనుకోవచ్చు. ఫలానా వాళ్లు నెలనెలా చూస్తారని పేరు చెబితే, వాళ్ల దగ్గరే పని ఇమ్మని అడగండి.