499 చెకప్ సరే, మరి ఇన్సూరెన్స్ సంగతేంటి?

ప్రశ్న: "మా సర్వీస్ సెంటర్ వాళ్ళు పోస్ట్ పెట్టారు సర్. 'వర్షాలు రాకముందే మీ కారు రెడీనా? ప్రీ మాన్సూన్ చెకప్ క్యాంప్, బ్రేకులు, బ్యాటరీ, వైపర్లు, టైర్లు, అండర్‌బాడీ చెకింగ్, ఫోమ్ వాష్ అన్నీ 499కే, లేబర్‌పై 15 శాతం తగ్గింపు, బుకింగ్స్ మే 25 నుంచి జూన్ 5 వరకే' అని. కారుకి ఏడేళ్ళు. ఫోన్ చేస్తే బ్రేక్ ప్యాడ్లు, వైపర్లకి 4,400, కోటింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్ లాంటివాటికి 13,600, మొత్తం 18,000 అవ్వొచ్చన్నారు. అకౌంట్లో 20,000 ఉంది. కార్డు గీకేసి మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోదామా? ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంది, ఖర్చు తగ్గుతుందని."

జవాబు: ఆ చివరి లైన్ చూసే రాస్తున్నానండి, చాలామంది చేసే తప్పే ఇది. థర్డ్ పార్టీ పాలసీ అవతలివాళ్ళ నష్టానికి, వరదలో మీ కారు మునిగితే రూపాయి రాదు. ముందు మీ కారుకయ్యే నష్టానికి ఓన్ డ్యామేజ్ పాలసీ తీసుకోండి, థర్డ్ పార్టీ నడుస్తుండగానే విడిగా కొనుక్కోవచ్చు, ఇన్నాళ్ళూ ఆ కవర్ లేదు కాబట్టి కారుని ఇన్‌స్పెక్షన్ చేస్తారు, అందుకే నీళ్ళొచ్చాక పరిగెత్తితే లాభం లేదు. దానిమీద అదనంగా తీసుకునే ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ కూడా అడగండి. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు లాగేసి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టాన్ని మామూలు పాలసీ సాధారణంగా ఒప్పుకోదు. ఏడేళ్ళ బండికి కొన్ని కంపెనీలు ఈ యాడ్ ఆన్ ఇవ్వవు, రెండు మూడు చోట్ల కనుక్కోండి. దొరికినా దొరక్కపోయినా నీళ్ళలో ఆగితే తాళం తిప్పొద్దు, తోయించండి.

ఇక ఆఫర్. తగ్గింపు లేబర్ మీదే, పార్ట్స్ మీద కాదు. 4,400 పనిలో లేబర్ 800 అనుకుంటే మీకు మిగిలేది 120. దానికోసం 18,000 అప్పా! కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకున్నా మొదటి నెల 630, దాని మీద జీఎస్టీ 113, పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది. మినిమమ్ డ్యూ అనే మాటే మర్చిపోండి ప్లీజ్.

బ్రేక్ ప్యాడ్ మందం 3 ఎంఎం దగ్గరికొచ్చినా, టైరు గాడి లోతు 1.6 ఎంఎం కన్నా తగ్గినా మార్చాల్సిందే, బేరం లేదు. కోటింగ్, ఫ్లష్, ఏసీ ఇప్పుడు వద్దు. జీఎస్టీ పక్కనపెడితే 4,400లో ఆ 120 తగ్గింపు పోను, చెకప్ 499తో కలిపి 4,779, జీతంలోంచి కట్టండి, ఆ 20,000 ముట్టుకోకండి, అది మీ ఎమర్జెన్సీ ఫండ్, నిజానికి అది మూడు నెలల ఖర్చుకి సరిపడేదాకా పెరగాలి. నమ్మకమైన బయట మెకానిక్ ఉంటే అక్కడైనా ఓకే.

స్లాట్ మాత్రం గడువు చివర్లో తీసుకోండి, ఈలోపు పాలసీ పని అయిపోతుంది. బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డ్ మీద "చెకప్ మాత్రమే, మిగతా పనులు ఫోన్‌లో అడిగాకే" అని రాయించండి, ప్యాడ్లు మారిస్తే పాతవి చేతికివ్వమనండి, ఎంత అరిగాయో మీ కళ్ళతో మీరే చూడొచ్చు.