ఇర్రివోకబుల్ ట్రస్ట్, పన్ను మాత్రం నాకే?

“అమెరికాలో పిల్లల కోసం, మళ్లీ రద్దు చేయలేని ఇర్రివోకబుల్ ట్రస్ట్ పెట్టాను. అయినా దాని 20,000 డాలర్ల వడ్డీకి పన్ను నన్నే కట్టమంటున్నారు. ఎందుకు?”

రద్దు చేసే హక్కు వదులుకుంటే సరిపోదండీ. ఆదాయం ఎవరికి వెళ్లే వీలుందో కూడా చట్టం చూస్తుంది. ట్రస్టీ తన ఇష్టప్రకారం మీ జీవిత భాగస్వామికీ ఆదాయం ఇవ్వొచ్చనే వాక్యం డీడ్‌లో ఉందేమో వెతకండి. అది ఉండి, దానివల్ల నష్టపోయే లబ్ధిదారు ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేకపోతే, అమెరికా పన్ను చట్టం సెక్షన్ 677 ప్రకారం, పన్ను లెక్కలో ఆ ఆదాయానికి ఓనర్ మీరే. నిజానికి ఒక్క డాలర్ ఇవ్వకపోయినా అంతే.

టెన్షన్ పడకండి, ఇది ఒక్కోసారి లాభమే. పంచకుండా దాచుకున్న ఆదాయానికి ట్రస్టే పన్ను కట్టాల్సి వస్తే, 2025లో 15,650 డాలర్లు దాటిన భాగానికి 37 శాతం పడుతుంది. మీరు 24 శాతం స్లాబులో ఉంటే 20,000కి కట్టేది 4,800. చిక్కల్లా ఒకటే: డబ్బు ట్రస్ట్‌లో ఉంటుంది, పన్ను మీ జేబులోంచి పోతుంది.