సాయంత్రానికి ఎడమ వృషణం బరువెక్కుతోంది.. ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 27. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. కొన్ని నెలలుగా ఎడమ వృషణం వైపు లాగుతున్నట్టు, బరువుగా ఉంటోంది. ఉదయం ఏమీ ఉండదు, సాయంత్రానికి ఎక్కువవుతుంది. డాక్టర్ చూసి, స్కాన్ చేయించి ‘గ్రేడ్ 2 వేరికోసిల్’ అన్నారు. త్వరలో పెళ్లి. పిల్లలు పుట్టరేమోనని టెన్షన్‌గా ఉంది. ఆపరేషన్ చేయించుకోవాలా?

జవాబు: వృషణం నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు ఉబ్బడమే వేరికోసిల్. కొందరికి కాళ్లలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగి కనిపిస్తాయి కదా, దాదాపు అలాంటిదే. ఈ సిరల్లోని కవాటాలు రక్తం కిందికి జారకుండా ఆపాలి. అవి సరిగా మూసుకోకపోతే నిలబడినంతసేపూ రక్తం వెనక్కి దిగి నిలిచిపోతుంది. పడుకుంటే ఖాళీ అవుతుంది. మీకు ఉదయం హాయిగా, సాయంత్రం బరువుగా ఉండటానికి కారణం ఇదే. ఎడమవైపే ఎక్కువగా రావడానికీ ఓ కారణముంది. అటువైపు సిర పొడవుగా ఉంటుంది, పైగా నిటారుగా వెళ్లి కిడ్నీ సిరలో కలుస్తుంది.

గ్రేడ్ 2 అంటే నిలబడినప్పుడు చేతికి తగులుతుంది, కంటికి మాత్రం కనిపించదు. అంతేగానీ రోగం ముదిరిందని కాదు. ప్రతి వంద మంది మగవాళ్లలో సుమారు 15 మందికి వేరికోసిల్ ఉంటుంది. వాళ్లలో ఎక్కువమందికి పిల్లలు మామూలుగానే పుడతారు. అయితే కొందరిలో, నిలిచిన రక్తం వల్ల వృషణం దగ్గర వేడి పెరిగి శుక్రకణాల సంఖ్య, కదలిక తగ్గొచ్చు. ఆ సంగతి గ్రేడ్‌ను బట్టి తెలియదు. వీర్య పరీక్ష చేయించాల్సిందే. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి శాంపిల్ ఇవ్వండి. తేడా వస్తే కంగారు పడకుండా కొన్ని వారాల తర్వాత మరోసారి చేయించండి. ఒక్క రిపోర్టు చూసి ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేయడం నాకు నచ్చదు.

రిపోర్టు బాగుంటే ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. బిగుతుగా పట్టి ఉంచే లోదుస్తులు వేసుకోండి. పనిలో మధ్యమధ్య కూర్చోండి, బరువులు ఎత్తడం తగ్గించండి. నెలల తరబడి ఇలా చేసినా వృషణం దగ్గర ఆ బరువు, లాగుడు తగ్గకపోయినా, వీర్యంలో లోపం ఉండి పిల్లలు కలగడం ఆలస్యమైనా, అప్పుడు మైక్రోస్కోప్ సాయంతో ఆ సిరల్ని కట్టేసే ఆపరేషన్ గురించి యూరాలజిస్ట్‌తో మాట్లాడొచ్చు. శుక్రకణం తయారు కావడానికే రెండు నెలలకు పైగా పడుతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి.

ఒక విషయం మీరే గమనించండి. పడుకున్నాక కూడా ఆ ఉబ్బు తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి, కిడ్నీల వైపు కూడా స్కాన్ చేయాల్సి ఉంటుంది. వృషణంలోనే గట్టి గడ్డ తగిలితే అది వేరే సమస్య, వెంటనే చూపించాలి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే వృషణం మెలిక పడి ఉండొచ్చు. ఆరు గంటలు దాటితే దాన్ని కాపాడటం కష్టమవుతుంది కాబట్టి తెల్లారేదాకా ఆగకుండా, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి.